ఖాళీ అయిన వాటా మీద ఎంత ఖర్చు పెట్టాలి? బరంపురంలో ఒక పై అంతస్తు లెక్క

ఒడిశాలోని బరంపురంలో ఆస్కా రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక సన్నని వీధిలో రెండు అంతస్తుల ఇల్లు ఉంది. 1996లో కట్టింది. యజమాని రిటైరైన స్కూలు మేష్టారు, ఇప్పుడు విశాఖలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఊళ్లో లేని యజమానుల ఇళ్లకు అద్దెలు, రిపేర్లు చూసుకోవడం నా పని కాబట్టి ఆ ఇంటి తాళాలూ నా దగ్గరే ఉంటాయి. కింది వాటాలో బట్టలు కుట్టే కుటుంబం చాలా కాలంగా ఉంది. పై వాటాలో తొమ్మిదేళ్లున్న అద్దెదారు 2025 మే 25న ఖాళీ చేశారు. ఆయన ఇచ్చింది 6,500. ఏటేటా పెంచకుండా వదిలేసిన అద్దె అది.

పై వాటా అంటే రెండు బెడ్‌రూములు, హాలు, వంటగది, ఒక బాత్‌రూము, అన్నీ కలిపి 850 చదరపు అడుగులు. మొజాయిక్ గచ్చు. బాత్‌రూములో నేల మీద కూర్చునే పాత దొడ్డి. దాని పక్క బెడ్‌రూము గోడకు నడుము ఎత్తు వరకు చెమ్మ, పెచ్చులూడిన సున్నం. కరెంటు వైరింగు కట్టినప్పటిదే, ఎర్తింగు లేదు.

మేష్టారి అబ్బాయి అప్పటికే ఒక కాంట్రాక్టరు చేత ఎస్టిమేటు వేయించి వాట్సాప్‌లో పంపాడు. మొజాయిక్ మీద విట్రిఫైడ్ టైల్స్, మాడ్యులర్ కిచెన్, బాత్‌రూముకు కొత్త టైల్స్, హాల్లో ఫాల్స్ సీలింగ్, పూర్తి పుట్టీ, రంగులు. మొత్తం 4,20,000, గడువు 45 రోజులు. "అన్నా, ఇలా చేస్తే 13,000 వస్తుందట కదా" అన్నాడు. మేష్టారు ఫోను తీసుకుని, "బాబూ, నాకైతే సున్నం వేసి ఇచ్చేయడమే నయమనిపిస్తోంది. నువ్వేమంటావు?" అన్నారు. అటు సున్నానికి 18,000, ఇటు ఎస్టిమేటు 4,20,000. ఇద్దరి మాటల్లోనూ లేనిది మధ్య దారి. దాన్ని కనుక్కోవడానికి ముందు రెండు విషయాలు తేలాలి: ఈ వాటాకు పైమెట్టు అద్దె ఎంత, ఖాళీగా ఉన్న రోజు ఖరీదెంత.

అద్దె సంగతికి టులెట్ బోర్డు మీది అంకెలు, దలాలు చెప్పే అంకెలు పనికిరావు. అవి అడిగే ధరలు. చుట్టుపక్కల పై అంతస్తుల్లో ఉంటున్నవాళ్లు నెలనెలా నిజంగా ఎంత ఇస్తున్నారో తెలుసుకోవాలి. పాలవాడిని, ఇస్త్రీ బండి వాడిని, కింద ఉన్న కుట్టు కుటుంబాన్ని అడిగితే మూడొంతులు తెలిసిపోతుంది. ఆ వీధిలో సున్నం మాత్రమే వేసిన రెండు బెడ్‌రూముల వాటాలు 7,500 నుంచి 8,000 మధ్య నడుస్తున్నాయి. వెస్టర్న్ కమోడ్, ఏసీ పాయింటు ఉన్నవి 9,500 దాకా వెళ్తున్నాయి. టైల్స్, కొత్త వంటగది కూడా ఉన్న ఒక వాటాకు 10,500 ఇస్తున్నారు. 13,000 అన్నది అబద్ధం కాదు, అయితే అది లిఫ్టు, కారు పార్కింగు, రెండు బాత్‌రూములు ఉన్న కొత్త అపార్ట్‌మెంట్ల అద్దె. మన వీధిలోకి కారు రాదు, బాత్‌రూము ఒకటే, మెట్లు నిటారుగా ఉంటాయి. ఎన్ని లక్షలు పోసినా ఈ మూడూ మారవు. 13,000 ఇవ్వగలిగినవాడు వీధి మొదట్లోనే బైకు వెనక్కి తిప్పేస్తాడు. అందుకే ఈ వాటాకు పైమెట్టు 10,500 అని రాసుకున్నాను.

వీటికంటే పనికొచ్చేది ఇల్లు చూసి వద్దన్నవాళ్ల మాట. పాత అద్దెదారు ఉండగానే కొందరికి చూపించాను. ఇక్కడికి వచ్చేవాళ్లలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి స్టాఫు, బ్యాంకు ఉద్యోగులు, బదిలీ మీద వచ్చినవాళ్లు ఎక్కువ. మొజాయిక్ గచ్చును ఎవరూ తప్పుపట్టలేదు, వేసవిలో చల్లగా ఉంటుందని ఒకావిడ మెచ్చుకుంది కూడా. వద్దన్నవాళ్లు చెప్పిన కారణాలు దాదాపు ఒకటే: దొడ్డి, గోడ చెమ్మ, "ఏసీ పెట్టుకోవచ్చా?" అన్న ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోవడం. కిటికీలకు దోమల మెష్ ఉందా అని కూడా అడిగారు. ఫాల్స్ సీలింగు గురించి ఒక్కరూ అడగలేదు.

ఇక రోజు ఖరీదు. నెలకు 9,500 అంటే రోజుకు 300 దాటుతుంది. మామూలు నెలల్లో వారం ఆలస్యమైతే రెండు వేల చిల్లర పోతుంది, అంతే. 2025లో జూన్ 26న ఆషాఢం మొదలై జులై 24 దాకా ఉంది. బరంపురంలో తెలుగు కుటుంబాలు అద్దె ఇంట్లోకైనా ఆషాఢంలో దిగడానికి ఇష్టపడవు. ఆషాఢానికి ముందే పాలు పొంగించుకుంటే మాత్రం సామాను తర్వాత తెచ్చుకున్నా ఫరవాలేదంటారు. అంటే జూన్ 25 లోపు ఇల్లు చూపించి మాట ఖాయం చేసుకోగలిగితే సరి, లేకపోతే శ్రావణం దాకా నెల రోజులు పోతాయి. కాంట్రాక్టరు చెప్పిన 45 రోజులు జులై రెండో వారానికి, అంటే సరిగ్గా ఆషాఢం మధ్యకు వస్తాయి. ఇలాంటి పనుల్లో 45 రోజులు అన్నది రెండున్నర నెలలు కావడం మామూలే. అంటే ఆగస్టు.

ఈ రెండూ తేలాక కాంట్రాక్టరు ఎస్టిమేటును మళ్లీ చదివాను. బాత్‌రూముకు కొత్త టైల్స్ ఉన్నాయి, టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగు లేదు. అన్ని రూములకూ స్విచ్చులు మార్చడం ఉంది, ఎర్తింగు లేదు. చెమ్మ గోడకు పుట్టీ, దాని మీద రంగు. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా పుట్టీ పెడితే వర్షాకాలం తిరిగేసరికి బుడగలు లేస్తాయి. అప్పుడు పోయేది రంగు డబ్బులు మాత్రమే కాదు, ఎక్కువ అద్దెకు దిగిన అద్దెదారు కూడా.

చెమ్మ ఎక్కడిదో కనుక్కోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. వాన పడినప్పుడు మాత్రమే కనిపిస్తే శ్లాబు నుంచో బయటి గోడ నుంచో వస్తోంది. కింది అంతస్తులో నేల నుంచి పైకి పాకి తెల్లటి ఉప్పు పడితే పునాది నుంచి ఎక్కుతోంది. ఎండాకాలంలో కూడా తడి ఆరకపోతే నీటి గొట్టమో బాత్‌రూము నేలో కారుతోంది. ఇక్కడ మే నెల ఎండల్లోనూ గోడ తడిగానే ఉంది, పైగా కింది కుట్టు గది సీలింగులో అదే మూల గోధుమ రంగు మరక. ఇంటికి నీళ్లు వచ్చే వాల్వు ఒక రాత్రి కట్టేసి చూశాను, మరకలో మార్పు లేదు. తర్వాత బాత్‌రూము జాలీని గుడ్డతో బిగించి, నేల మీద రెండు అంగుళాల నీళ్లు నిలిపి, అందులో నీలిమందు కలిపాం. మర్నాడు సాయంత్రానికి కింద మరక అంచు నీలంగా తిరిగింది. అంటే బాత్‌రూము నేలలోంచి, దాని కింద పల్లపు శ్లాబులో నింపిన ఇటుక ముక్కల్లోంచి నీరు దిగుతోంది. పైన ఎంత ఖరీదైన టైల్స్ వేసినా ఇది ఆగదు.

ఇక్కడ నా లెక్క రెండుగా చీలింది. కొన్ని పనులు అద్దె పెరిగినా పెరగకపోయినా చేసి తీరాల్సినవి. బాత్‌రూము నేల పగలగొట్టి లీకు ఆపడానికి 30,000. ఎర్తింగు గుంత, మెయిన్ బోర్డులో షాకు కొట్టకుండా కరెంటు ఆపే ఆర్సీసీబీ కలిపి 10,000. సున్నం, మామూలు రంగులు 18,000. మొత్తం 58,000. లీకు ఆపకపోతే కింది వాటా అద్దె కూడా ప్రమాదంలో పడుతుంది, సీలింగులో కడ్డీలు తుప్పు పడతాయి. బరంపురానికి సముద్రం దగ్గర, ఇక్కడి ఉప్పు గాలి కడ్డీలను తొందరగా తినేస్తుంది. కాబట్టి ఈ 58,000ను కొత్త అద్దెతో రాబట్టుకుంటామా లేదా అని లెక్కించడమే తప్పు. అది ఇల్లు నిలబడడానికి పెట్టే ఖర్చు. ఈ పనులు మాత్రమే చేస్తే నాకు కనిపించిన అద్దె 8,000.

రెండో రకం పనులు అద్దె కోసం చేసేవి. వాటిని ఒక్కొక్కటిగా 8,000తో పోల్చాలి. వెస్టర్న్ కమోడ్, జారని టైల్స్‌కు అదనంగా 18,000. నేల ఎలాగూ పగలగొడుతున్నాం కాబట్టి ఇంతలో అయిపోతోంది, మరోసారి విడిగా చేస్తే ఇంకా ఎక్కువవుతుంది. ఏసీకి విడి లైను, గీజరు పాయింటు 14,000. దోమల మెష్ 11,000. వంటగదిలో స్టీలు సింకు, కుళాయి, గ్రానైటు మార్పు 9,000. గోడలన్నింటికీ పుట్టీ, ఖరీదైన రంగు 10,000. మొత్తం 62,000.

ఇందులో చివరి రెండింటి దగ్గర ఆగాను. పుట్టీ పెట్టి నునుపు చేసిన గోడకు ఈ వీధిలో ఎవరూ ఒక్క వంద ఎక్కువ ఇవ్వరు, శుభ్రంగా ఉంటే చాలు. వంటగది గ్రానైటు పాతదే అయినా గట్టిగా ఉంది, సింకు, కుళాయి మారిస్తే 4,000తో పోతుంది. అలా 62,000 కాస్తా 47,000 అయింది. దీనితో 9,500 అడగొచ్చు. తేడా నెలకు 1,500. ఇల్లు ఆషాఢం ముందే అద్దెకు వెళ్తే, లేకపోతే పోయే ఒక నెల అద్దె 8,000 కూడా మిగిలినట్టే. 47,000లోంచి 8,000 తీస్తే 39,000, దాన్ని 1,500తో భాగిస్తే 26 నెలలు. కమోడు, వైరింగు పదేళ్లకు తక్కువ కాకుండా ఉంటాయి, మెష్ ఐదారేళ్లు. ఈ లెక్క నాకు నచ్చింది.

అబ్బాయి ఎస్టిమేటును కూడా ఇదే పద్ధతిలో చూశాం. 4,20,000కు లీకు, ఎర్తింగు 40,000 కలిపితే 4,60,000. మన 1,05,000 కంటే 3,55,000 ఎక్కువ. దానికి వచ్చే అదనపు అద్దె 9,500 నుంచి 10,500కు, అంటే ఏడాదికి 12,000. ఆ 3,55,000ను బ్యాంకులో 6.5 శాతానికి వేస్తే ఏడాదికి సుమారు 23,000 వడ్డీ వస్తుంది, అసలు అసలుగానే ఉంటుంది. అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "13,000 వస్తేనో?" అన్నాడు. వచ్చిందనే అనుకుందాం. నెలకు 3,500, ఏడాదికి 42,000. డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదిన్నరేళ్లు పడుతుంది, ఆలస్యం వల్ల పోయే నెలలు వేరే. ప్లైవుడ్ కాని బోర్డుతో చేసే మాడ్యులర్ షట్టర్లు ఈ ఊరి తేమకు అప్పటిదాకా ఉబ్బకుండా ఉంటాయన్న నమ్మకం నాకు లేదు.

పన్ను సంగతి కూడా మేష్టారు అడిగారు, ఆయనకు పెన్షను ఉంది కాబట్టి. అద్దె ఆదాయం మీద మునిసిపల్ పన్ను పోగా మిగిలినదానిలో 30 శాతం రిపేర్ల కింద ప్రభుత్వమే తీసేస్తుంది. మనం ఒక్క రూపాయి ఖర్చు పెట్టకపోయినా అంతే, నాలుగు లక్షలు పెట్టినా అంతే. టైల్స్ బిల్లులు దాచుకుంటే పన్ను తగ్గుతుందనుకోవద్దు. అప్పు తెచ్చి రిపేరు చేస్తే ఆ వడ్డీకి మినహాయింపు ఉంటుంది, ఆయన అప్పు చేసే మనిషి కాదు.

"అయితే లక్షా ఐదు వేలే కదా. కానీ, బాబూ, ఆ చెమ్మ గోడ ఆషాఢం లోపల ఆరుతుందా?" అని మేష్టారు అడిగారు. అది ఆయన అడిగిన మంచి ప్రశ్న. కొత్త ప్లాస్టరింగుకు వారం రోజులు నీళ్లు కొట్టాలి, ఆ తర్వాత రంగు పట్టడానికి కనీసం నాలుగు వారాలు ఆరాలి. జూన్ మధ్యలో వానలు మొదలైతే ఇంకా ఆలస్యం. నెల రోజుల్లో అది కుదరని పని. అందుకని పనుల వరుసను ఆ గోడ చుట్టూ కట్టాం. ఖాళీ చేసిన మర్నాడే ఆ గోడ ప్లాస్టరు ఇటుక దాకా చెక్కేశాం. బాత్‌రూము పని జరుగుతున్నన్ని రోజులూ ఎండకు, ఫ్యానుకు ఆరనిచ్చాం. లీకు ఆగిందని తేలాకే ప్లాస్టరు చేయించి, దాని మీద సున్నం ఒక పూత మాత్రమే కొట్టించాం. సున్నం గాలి పీలుస్తుంది, ప్లాస్టిక్ రంగు పీల్చదు. ఆ ఒక్క గోడకు రంగు దసరా తర్వాత వేస్తామని వచ్చినవాళ్లందరికీ ముందే చెప్పాను. దాచిపెట్టి రంగు పూసిన గోడ కంటే చెప్పి వదిలేసిన గోడకే జనం సర్దుకుంటారు.

బాత్‌రూము నేల పగలగొట్టాక ఎస్టిమేటులో లేనిది బయటపడింది. ఇటుక ముక్కలు బురదలా నాని ఉన్నాయి, ఒక మూల శ్లాబు కడ్డీ పైకి తేలి తుప్పు పట్టింది. కడ్డీని గీకి శుభ్రం చేసి, తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చడానికి ఇంకో 9,000 అయింది. పాత ఇంట్లో బాత్‌రూము నేల తవ్వేటప్పుడు అనుకున్నదానికి మూడో వంతు పక్కన ఉంచుకోవాలి. ఇక్కడ 30,000కు 9,000 పడింది, ఆ హద్దు లోపలే. ఇటుక ముక్కలు తీసేసి తేలిక కాంక్రీటు నింపాం, పూత గోడ మీద అడుగు ఎత్తు వరకు ఎక్కించాం, జాలీ చుట్టూ కూడా రాశాం. టైల్స్ వేయకముందే మళ్లీ నీళ్లు నిలిపి రెండు రోజులు చూశాం. కింద మరక పెరగలేదు. ఈ పరీక్ష టైల్స్ వేశాక చేయమంటాడు మేస్త్రి, అప్పుడైతే పని పూర్తయిందనే వాదన ఆయనకు ఉంటుంది. టైల్స్‌కు ముందు చేయించకుండా చివరి బిల్లు ఇవ్వకూడదు.

జూన్ మూడో వారానికి హాలు, ఒక బెడ్‌రూము, బాత్‌రూము చూపించడానికి తయారయ్యాయి. వంటగదిలో ఇంకా సింకు రాలేదు. అయినా చూపించడం మొదలుపెట్టాం. వచ్చిన ఒక కుటుంబం ఇచ్ఛాపురం వైపువాళ్లు, ఆవిడ స్టాఫ్ నర్సు, ఆయన మందుల కంపెనీ ప్రతినిధి. ఆవిడ ముందు బాత్‌రూము చూసింది, తర్వాత ఏసీ పాయింటు, తర్వాత మెష్ తలుపు రెండుసార్లు మూసి తెరిచింది. ఆయన 9,000 అన్నాడు. మేము 9,500. చివరికి 9,300కు ఒప్పుకున్నాం.

ఆ 200 కోసం పట్టుబట్టలేదు, ఎందుకంటే ఏడాదికి అది 2,400, అంటే ఎనిమిది రోజుల ఖాళీకి సమానం. అసలు ఈ లెక్కలన్నిటికీ లోపల ఉన్న బలహీనత కూడా ఇదే. పెంచుకున్న అద్దె ఏడాదికి 15,600, ఒక నెల ఖాళీ ఉంటే 9,300 పోతుంది. ఏడాదికోసారి అద్దెదారు మారితే రిపేరు లాభంలో సగానికి పైగా ఖాళీ నెలే మింగేస్తుంది. అందుకే పదకొండు నెలల ఒప్పందం రాసుకున్నా, రెండో ఏడాది పెంపు 5 శాతమే అని అందులోనే రాయించాను. వాళ్లు ఉంటారని కాదు, ఉండిపోవడానికి వాళ్లకో కారణం ఉండాలని. ఆషాఢానికి ముందు ఒక ఉదయం పాలు పొంగించుకుని, సామాను నెలాఖరుకు తెచ్చారు. అద్దె జులై ఒకటి నుంచి మొదలైంది.

చివరి అంకెలు అనుకున్నదానికంటే కొంచెం బలహీనంగా వచ్చాయి. మొత్తం ఖర్చు 1,14,000. అందులో అద్దె కోసం పెట్టింది 47,000, తేడా నెలకు 1,300, మిగిలిన నెల అద్దె తీసేస్తే తిరిగి రావడానికి 30 నెలలు. నేను మూడేళ్లను గీతగా పెట్టుకుంటాను. అద్దెదారు సగటున రెండు మూడేళ్లు ఉంటాడు, అంతలోపు తిరిగి రాని ఖర్చును తర్వాతి అద్దెదారు నెత్తిన పెట్టడం జూదం. మేష్టారు రెండేళ్లలో ఇల్లు అమ్ముదామనో, పడగొట్టి అపార్ట్‌మెంటుకు ఇద్దామనో అనుకుని ఉంటే, ఆ 47,000లో ఒక్క రూపాయి కూడా పెట్టించేవాడిని కాదు. లీకు, ఎర్తింగు చేసి 8,000కు ఇచ్చేవాళ్లం.

దసరా అయ్యాక ఆ గోడకు ప్లాస్టిక్ కాగితం అతికించి ఒక రోజు వదిలేశాం. కాగితం లోపలి వైపు చెమ్మ లేదు. అప్పుడు రంగు వేయించాం. వంటగది గ్రానైటు, హాలు గోడల పుట్టీ ఈ వాటా మళ్లీ ఖాళీ అయ్యేదాకా ఆగుతాయి, అప్పుడు వీధిలో అద్దెలు చూసి ఇదే వరుసలో లెక్క వేస్తాం.